వరద రోజుల్లో జ్వరం, వెనక తేదీ సర్టిఫికెట్: మాస్టారికి ఎలా చెప్పాలి?

లంకదారి డాక్టరమ్మ

పి.గన్నవరం దగ్గర రెండేళ్ల క్రితం చిన్న క్లినిక్ పెట్టాను. నిన్న జరిగింది రాస్తున్నాను, పెద్దలు ఎవరైనా దారి చెప్పండి.

లంకలో టీచరుగా చేసే ఒకాయన వచ్చారు. మా నాన్నగారి స్నేహితులు. నన్ను చిన్నప్పటినుంచీ "పాపా" అనే పిలుస్తారు. ఆగస్టు 19న జ్వరం మొదలైందట. అప్పటికి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. కాజ్‌వే మీద నీళ్లు, పడవ తప్ప దారి లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారే చూసి సెలైన్లు పెట్టారు. 27 వరకు మంచం దిగలేదు. 28న బడికి వెళ్తే, ఆ తొమ్మిది రోజుల సెలవుకి మెడికల్ సర్టిఫికెట్ కావాలన్నారు. అది పట్టుకుని సెప్టెంబరు 1న, అంటే నిన్న, మొదటిసారి నా దగ్గరికి వచ్చారు. "19వ తేదీ వేసి రాసెయ్యి పాపా. నేనేమన్నా అబద్ధం చెబుతున్నానా? ఊరంతా సాక్ష్యం" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పడం లేదని నాకూ తెలుసు. మనిషి సగమయ్యారు. అయినా నేను రాయలేదు. రాయకపోవడం తప్పని అనుకోవడం లేదు కానీ, చెప్పిన తీరు మాత్రం తప్పే. "రూల్స్ ఒప్పుకోవు మాస్టారూ" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. "మీ ఇంట్లో పాతికేళ్లు కాఫీ తాగినవాణ్ణి, నాకు రూల్స్ చెబుతున్నావా అమ్మా" అని లేచి వెళ్లిపోయారు. "పాపా" పోయి "అమ్మా" వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు.

నాన్నగారితో ఫోన్ చేయించి మళ్లీ రమ్మంటాను. ఏం చెప్పాలి? తేదీ మార్చకుండా ఆయనకి పనికొచ్చేది ఏం రాయగలను?

ప్లీడరు గుమస్తా, అమలాపురం

డాక్టరు గారూ, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. తప్పుడు సర్టిఫికెట్ నేరం అనేది పాత ఐపీసీలో 197, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 234. ఆ సెక్షన్ చట్టప్రకారం ఇవ్వాల్సిన సర్టిఫికెట్లకీ, కోర్టులో సాక్ష్యంగా చెల్లే సర్టిఫికెట్లకీ సంబంధించింది. మాస్టారి సెలవు కాగితం కోర్టుకి వెళ్లదు. పైగా జ్వరం నిజం. ఇందులో మోసపోయింది ఎవరండీ? మా ఆఫీసుకి ఇలాంటివి వందల్లో వస్తాయి, ఇంతవరకు ఏ డాక్టరుకీ ఏమీ కాలేదు.

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్లు పైగా చేసి రిటైరయ్యాను. గుమస్తా గారు సెక్షన్ గురించి చెప్పింది సగం వరకు సరైనదే. కానీ డాక్టరుని పట్టుకునేది ఆ సెక్షన్ ఒక్కటే కాదు. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లో ఉంది: అబద్ధమైన, తప్పుదారి పట్టించే సర్టిఫికెట్ మీద సంతకం చేశాడని తేలితే రిజిస్టరు నుంచి పేరు తీసేయొచ్చు. దానికి కోర్టుతో పనిలేదు. 2023లో కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి.

"కోర్టుకి వెళ్లదు" అన్నారే, ఆ మాట దగ్గర ఒక సంగతి చెప్పాలి.

నాతో పనిచేసిన కుర్ర డాక్టరు ఒకడు, చాలా మంచివాడు, పొరుగింటాయన అడిగితే వారం వెనక తేదీతో "జ్వరం, మూడు రోజులు విశ్రాంతి" అని రాసిచ్చాడు. సెలవు కోసమే అన్నాడాయన. మూడు నెలల తర్వాత సమన్లు వచ్చాయి. ఆ మూడు రోజుల్లో ఒక రోజు చేలగట్టు దగ్గర కొట్లాట జరిగి ఒకరి చెయ్యి విరిగింది. ముద్దాయిల్లో ఒకరు ఆ పొరుగాయన బావమరిది. సర్టిఫికెట్ ఆ బావమరిది పేరు మీదే రాయించారు. పొరుగాయన ఆ పేరు చెప్పి అడిగితే, మావాడు మనిషిని చూడకుండానే రాసేశాడు. కోర్టులో ఓపీ రిజిస్టరు తెమ్మన్నారు. రోజు చివర మేము గీత కొట్టి మొత్తం ఎంతమందో వేస్తాం. ఆ పేరు గీత కింద ఉంది, వేరే సిరాతో. మొత్తంలో కలవలేదు. అవతలి ప్లీడరు అడిగింది ఒక్కటే: "డాక్టరు గారూ, ఆసుపత్రి మూసేశాక వచ్చారా ఈయన?" మావాడు నోరు తెరవలేకపోయాడు. శాఖాపరమైన విచారణ రెండేళ్లు నడిచింది.

సర్టిఫికెట్ మన చెయ్యి దాటాక ఎవరి చేతికి పోతుందో మనకి తెలియదమ్మా. మాస్టారు అలాంటివారు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరు అలాంటివారో మొహం చూసి తేల్చే పని మొదలుపెడితే, రేపు కాదన్నవాడికి ఏం జవాబు చెబుతావు? మాస్టారికి రాశావట, నాకు రాయవా అంటాడు.

అసలు విషయం ఇంకోటి. సర్టిఫికెట్ అంటే "ఈయనకి జబ్బు చేసింది" అనే కాగితం కాదు. "నేను ఫలానా రోజు ఈయన్ని పరీక్ష చేశాను, ఇది కనపడింది" అనే కాగితం. తేదీ అందులో సగం. జబ్బు నిజమై తేదీ అబద్ధమైతే, నువ్వు సంతకం చేసిన సగం అబద్ధమే.

రొయ్యల చెరువు, భీమవరం

డాక్టర్లందరూ ఇలాగే అంటున్నారు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. జూలైలో టైఫాయిడ్ వచ్చి డాక్టరు గారి దగ్గరే చూపించాం, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. హాస్టల్ మారేటప్పుడు అది పోయింది. ఇప్పుడు హాజరు తక్కువైందని కాలేజీ వాళ్లు అడుగుతున్నారు. మళ్లీ ఇమ్మంటే వెనక తేదీది ఇవ్వకూడదు అంటారేమోనని అడగడానికే భయంగా ఉంది.

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

మీది ఇది కాదండీ బాబూ. మీ అమ్మాయిని ఆయన జూలైలోనే చూశారు, రాశారు. సర్టిఫికెట్ల రిజిస్టరు ఉంచుకుని, ఒక నకలు దగ్గర పెట్టుకోవాలని డాక్టరుకి నియమం ఉంది. నిర్భయంగా వెళ్లండి. ఆ నకలు చూసి, అవే వివరాలతో, పైన "డూప్లికేట్" అని రాసి, ఇచ్చిన రోజు తేదీ కూడా వేసి ఇస్తారు. జూలైలో చూసినదాన్ని సెప్టెంబరులో రాయడం తప్పు కాదు. సెప్టెంబరులో చూసి జూలైలో చూశానని రాయడమే తప్పు.

బడిగంట (హెడ్‌మాస్టర్)

ఈ కాగితాలు వచ్చి చేరే టేబులు నాది కాబట్టి అవతలి వైపు చెబుతాను.

సంక్రాంతి వెళ్లాక మాకు సర్టిఫికెట్ల వాన. ప్రభల తీర్థం, పందేలు, అత్తారిల్లు అన్నీ అయ్యాక ఒకే డాక్టరు దగ్గర్నించి, ఒకే చేతిరాతలో, ముగ్గురికి వైరల్ ఫీవర్. వాటి వరస నంబర్లు చూస్తే 41, 42, 43. తేదీలు మాత్రం మూడు వేర్వేరు రోజులవి, అదీ 42ది 41 కంటే ముందు రోజు. ఇవి చూసీ చూసీ నిజంగా జబ్బుపడ్డవాళ్ల కాగితాన్ని కూడా అనుమానంగా చూసే స్థితికి వచ్చాం.

ఇక మీ మాస్టారి సంగతి. 19న కాజ్‌వే మునిగి ఉందని మండలంలో అందరికీ తెలుసు. ధవళేశ్వరంలో 13.75 అడుగులు దాటితే లంకలకి రాకపోకలు ఎలా ఉంటాయో మా ఆఫీసు అటెండరు కూడా చెబుతాడు. ఆ తేదీతో గన్నవరం క్లినిక్ సర్టిఫికెట్ నా టేబులు మీదికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఈయన ఏరు ఎలా దాటాడు? ఆయన దగ్గరున్న గట్టి నిజం వరద. వెనక తేదీ వేయగానే ఆ వరదే ఆయన మీద సాక్ష్యం చెబుతుంది.

అదే ఆయన ఒక కాగితం మీద "19 నుంచి జ్వరం, దారి లేదు, ఊళ్లోనే వైద్యం, నీళ్లు తీశాక డాక్టరుకి చూపించుకున్నాను" అని రాసి, డాక్టరు ఇచ్చింది జతచేస్తే నేను ధైర్యంగా పైకి పంపుతాను. సెలవు ఎలా మంజూరు చేయాలో పైవాళ్ల ఇష్టం, ఆ హామీ ఇవ్వలేను.

నీలం చీర (ఆశా)

నేను లంక ఊరిలోనే చేస్తాను అండి. డాక్టరు గారూ, వరద టైములో మా ఏఎన్‌ఎం గారు పడవ మీద వచ్చి ఇంటింటికీ జ్వరం సర్వే చేశారు. జ్వరం ఉన్నవాళ్లందరికీ మలేరియా కోసం వేలి నుంచి రక్తం తీసి స్లైడు చేస్తాం. పేరు, తేదీ, స్లైడు నంబరు రిజిస్టరులో ఎక్కుతాయి. మీ మాస్టారు ఉన్న ఊళ్లో కూడా తీసే ఉంటారు. మలేరియా లేదని వచ్చినా సరే, ఆ రోజు జ్వరం ఉందని రాసినట్టే కదా. ఆయన్ని పీహెచ్‌సీలో అడగమనండి.

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

ఇది నాకు తట్టలేదు తల్లీ. ఆ రోజున, ఆ మంచం దగ్గర, ఆ పని కోసం రాసిన అక్షరం అది. నేను ఎంత రాసినా దానికి సాటి రాదు. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు ఆ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసి, ఇవాళ్టి తేదీతో సంతకం చేసి ఇవ్వొచ్చు.

డాక్టరమ్మా, ఆయన వస్తే డెంగీ ఐజీఎం చేయించు. జ్వరం మొదలైన అయిదో రోజు దగ్గర్నించి కనబడటం మొదలై రెండు మూడు నెలలు ఉంటుంది. ఎన్‌ఎస్1 ఇప్పుడు దండగ, అది మొదటి వారం ముచ్చట. ప్లేట్‌లెట్లు కూడా ఈపాటికి మామూలుకి వచ్చేసి ఉంటాయి, అవి చూసి జ్వరం రాలేదు అనుకోకూడదు.

డెల్టా డ్యూటీ

అందరూ మాస్టారి గురించే మాట్లాడుతున్నారు. నేను రొయ్యల ప్లాంటులో కాంట్రాక్టు మీద చేస్తాను. మొన్న నాకూ ఆరు రోజులు జ్వరం. మా వీధిలో ఆర్‌ఎంపీ గారికి చూపించుకున్నాను, డాక్టరు ఫీజు, టెస్టులు పెట్టుకునే స్తోమత లేక. తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్తే రాయను అన్నారు. ఆరు రోజుల కూలి పోయింది. నా ఇంటికి ఏ ఏఎన్‌ఎం రాలేదు, వరద లేదు, హెడ్‌మాస్టరు గారి లాంటి సూపర్‌వైజరు లేడు. మీ నిజాయితీకి మేం డబ్బులు కడుతున్నట్టుంది.

ప్లీడరు గుమస్తా, అమలాపురం

ఈయన అడిగినదానికి జవాబు చెప్పండి. పైన "పేషెంటు చెప్పిన ప్రకారం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది కదా. అప్పుడు ఏ తేదీ అయినా వేసుకోవచ్చు.

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

ఆ ముక్క రాయొచ్చు, రాయాలి కూడా. కానీ అది పేషెంటు మాటగానే ఉండాలి. కింద సంతకం పక్కన వేసే తేదీ మాత్రం చూసిన రోజుదే. చాలామంది పైన "చెప్పిన ప్రకారం" అని రాసి, కింద "కనుక 19 నుంచి 27 వరకు నా వైద్యంలో ఉన్నారు" అని ముగిస్తారు. అక్కడితో పాడైపోతుంది.

డెల్టా డ్యూటీ బాబూ, నీ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తగ్గాక వెళ్లినా నీ డాక్టరు నిన్ను చూసి, నువ్వు చెప్పింది రాసి, నీరసం ఉంటే ఇవాళ్టి నుంచి రెండు రోజులు విశ్రాంతి రాయాల్సింది. ఉత్తినే పొమ్మనడం న్యాయం కాదు. అది రాసినా మీ ప్లాంటువాళ్లు కూలి ఇస్తారని చెప్పలేను. ఇంకోసారి జ్వరం వస్తే మొదటి రోజుల్లోనే పీహెచ్‌సీకి వెళ్లి ఓపీ చీటీ తీసుకో, ఫీజు ఉండదు. ఆ చీటీ మీద తేదీ ఎవరూ కాదనలేరు.

డెల్టా డ్యూటీ

పీహెచ్‌సీకి పొద్దున వెళ్లాలి, షిఫ్టు పొద్దున ఆరింటికి. సరే, చూస్తాను.

లంకదారి డాక్టరమ్మ

రాయడం ఆలస్యమైంది. మాస్టారు ఇవాళ వచ్చారు. చెప్పిన తీరు రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు.

క్యూలో కూర్చోబెట్టకుండా, ఓపీ అయ్యాక లోపలికి పిలిచి తలుపు వేశాను. మొన్న కాంపౌండరు ముందు కాదన్నాను, ఆ అవమానమే ఎక్కువ బాధించిందని ఆయన మాటల్లో అర్థమైంది. ముందు నాడి, బీపీ చూసి రక్తం తీయించాను. సర్టిఫికెట్ మాట తర్వాత ఎత్తాను.

"మాస్టారూ, మీకు జ్వరం వచ్చిందని నేను నమ్ముతున్నాను. ఎవరడిగినా ఆ మాట చెబుతాను. కానీ 19న నేను మిమ్మల్ని చూడలేదు. చూశానని రాస్తే, ఆ రోజు మీరు ఏరు ఎలా దాటారని రేపు మీ ఆఫీసువాళ్లు అడుగుతారు. అప్పుడు మీరు నిజం చెబితే నా కాగితం అబద్ధం, నా కాగితం నిలబెట్టాలంటే మీరు అబద్ధం చెప్పాలి. మిమ్మల్ని ఆ స్థితిలో పెట్టలేను. నేను చూసింది, టెస్టులో వచ్చింది, మీరు చెప్పింది, మూడూ ఇవాళ్టి తేదీతో రాసిస్తాను" అన్నాను.

ఏరు దాటే మాట దగ్గర ఆయన తలెత్తి చూశారు. బళ్లో పిల్లల కాపీ పట్టుకునే మనిషి, ఆ ముడి ఆయనకి వెంటనే అర్థమైంది. కాసేపు ఊరుకుని, "నా పరువు గురించేనన్నమాట" అన్నారు. "ఇద్దరిదీ మాస్టారూ" అన్నాను. రూల్ అనే మాట ఈసారి నా నోట రాలేదు.

ఐజీఎం పాజిటివ్. పీహెచ్‌సీలో అడిగితే 22న స్లైడు తీసినట్టు ఆయన పేరు దొరికింది. నీలం చీర గారికి దండం.

నేను రాసింది ఇంగ్లీషులో, తెలుగులో చెబితే ఇది: "ఈ రోజు, సెప్టెంబరు 4న, వీరిని మొదటిసారి పరీక్షించాను. ఆగస్టు 19 నుంచి జ్వరం ఉందని, వరద వల్ల రాలేకపోయానని వీరు చెప్పారు. ఈ రోజు జ్వరం లేదు, నీరసం ఉంది. డెంగీ ఐజీఎం పాజిటివ్. కనుక ఆగస్టు 19 నుంచి 27 వరకు వీరు డెంగీతో బాధపడ్డారు. ప్రస్తుతం విధులకు తగిన ఆరోగ్యంతో ఉన్నారు." ఇంకా ఇవ్వలేదు, రేపు వస్తారు. సరిగ్గా ఉందా?

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

ఒక వాక్యం తీసెయ్యమ్మా, "కనుక" దగ్గర్నించి. ఐజీఎం ఈమధ్య డెంగీ సోకి ఉండొచ్చని చెబుతుంది, 19న మొదలై 27న తగ్గిందని చెప్పదు. కార్డు టెస్టు అయితే ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ కూడా చూపిస్తుంది. ఏ పద్ధతిలో చేశారో, కార్డా ఎలైజానా అన్నది కూడా రాయి. ఆ వాక్యం బదులు ఇలా పెట్టు: "ఈ ఫలితం ఇటీవలి డెంగీ ఇన్‌ఫెక్షన్‌కి, వీరు చెప్పిన జ్వరానికి సరిపోతుంది. ఈ తేదీకి ముందు నేను వీరిని పరీక్షించలేదు."

లంకదారి డాక్టరమ్మ

ఆ చివరి వాక్యం ఆయనకి కష్టంగా ఉంటుందేమో. "చూడలేదని అంత విడమర్చి రాయాలా పాపా" అంటారు.

బడిగంట (హెడ్‌మాస్టర్)

రాయండి డాక్టరు గారూ. నా టేబులు మీద ఆ ఒక్క వాక్యం ఉన్న కాగితమే మిగతావాటికంటే వేరుగా కనబడుతుంది. చూడనిది చూడలేదని రాసినవారు చూసింది కూడా సరిగ్గానే రాసి ఉంటారని నమ్ముతాను. పీహెచ్‌సీ వాళ్ల స్లైడు వివరం దాని కింద పెట్టమనండి.

ప్లీడరు గుమస్తా, అమలాపురం

నాకు ఇప్పటికీ ఇదంతా ఎక్కువే అనిపిస్తోంది. తొమ్మిది రోజుల సెలవుకి ఇంత పనా? కానీ ఏరు దాటే ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటాను.

లంకదారి డాక్టరమ్మ

మార్చి రాసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకున్నారు. పూర్తిగా సంతోషపడ్డారని చెప్పలేను. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ నాన్నకి చెప్పు పాపా, ఆదివారం వస్తున్నాను" అన్నారు. సెలవు కాగితం సోమవారం ఆఫీసులో పెడతారట.

పాత ఓపీ రిజిస్టరు, పాలకొల్లు

ఆయన పుట్టుమచ్చ రాశావా? సర్టిఫికెట్ మీద ఒక గుర్తింపు చిహ్నం, ఆయన సంతకం, చిరునామా ఉండాలి. నీ రిజిస్టరులో వరస నంబరు వేసి ఒక నకలు ఉంచుకోవాలి.

లంకదారి డాక్టరమ్మ

నకలు ఉంచాను, నంబరు వేశాను. పుట్టుమచ్చ మర్చిపోయాను అండి. సోమవారం లోపు పిలిపిస్తాను.